బిల్లు ఒకటి, అయిన ఖర్చు ఇంకొకటి: గవర్నమెంటు, ట్రస్టు, ప్రైవేటు హాస్పిటల్ లెక్క హెర్నియా ఆపరేషన్‌తో చూద్దాం

మా బాబాయి తాపీ మేస్త్రి. ఒక ఏడాదిగా గజ్జల్లో నిమ్మకాయంత బుడిపె, పడుకుంటే లోపలికి పోతుంది, నిలబడి బరువెత్తితే బయటికొస్తుంది. హెర్నియా అన్నారు, ఆపరేషన్ తప్ప మందులతో తగ్గదన్నారు. ఇక ఇంట్లో పంచాయితీ మొదలైంది. మామయ్యేమో పెద్దాసుపత్రికి పోతే రూపాయి ఖర్చుండదంటాడు, పక్కింటాయనేమో ఆ తిరుగుడుకి అయ్యే ఖర్చుతో ప్రైవేటులో చేయించుకోవచ్చంటాడు, ఎవరో ట్రస్టు హాస్పిటల్ అయితే మధ్యస్తంగా ఉంటుందని చెప్పారు. అందరూ చెప్పేది కొంత నిజమే, కానీ ఒక్కళ్ళు కూడా కాగితం మీద లెక్క వేయలేదు. నేను వేశాను, అదే ఇక్కడ పెడుతున్నా. రేట్లు మా మెట్ట ప్రాంతంలో మేము కనుక్కున్నవి, అందరికీ ఇవే ఉంటాయని కాదు, లెక్క వేసే పద్ధతి చూడండి.

సగటు అంకెలు చూసి ఎందుకు తికమక పడతాం

2017-18లో కేంద్రం చేయించిన నేషనల్ శాంపిల్ సర్వే (ఎన్‌ఎస్‌ఎస్) 75వ రౌండ్ ప్రకారం, కాన్పులు తీసేస్తే, హాస్పిటల్లో ఒకసారి అడ్మిట్ అయినందుకు దేశం మొత్తం మీద సగటు వైద్య ఖర్చు గవర్నమెంటులో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845. అంటే ఏడు రెట్లు. ఈ అంకెలు పేపర్లో చూసి చాలామంది ప్రైవేటు ఏడు రెట్లు కాస్ట్‌లీ అని ఫిక్స్ అయిపోతారు. రెండు సంగతులు మర్చిపోతాం. ఒకటి, ఇది అన్ని జబ్బులూ కలిపిన సగటు, రెండు రోజుల జ్వరం, గుండె ఆపరేషన్ ఒకే కుప్పలో ఉన్నాయి. రెండోది, ఇందులో ఉన్నది డాక్టరు ఫీజు, మందులు, టెస్టులు, బెడ్డు లాంటి వైద్య ఖర్చు మాత్రమే. బస్సు, తిండి వేరు. పోయిన కూలి అసలు ఇందులో లేదు.

లెక్కలు తెలిసినవాళ్ళు దీన్ని మూడు ముక్కలు చేస్తారు. మొదటిది హాస్పిటల్‌కీ మెడికల్ షాపుకీ కట్టేది. రెండోది వైద్యానికే అయినా వైద్యం కానిది, ఛార్జీలు, తిండి, తోడొచ్చినవాళ్ళ ఖర్చు. మూడోది జేబులోంచి పోని డబ్బు, అంటే రావాల్సింది రాకుండా పోయిన కూలి. మొదటిదానికి బిల్లు ఉంటుంది, రెండోది నోటి లెక్క, మూడోదానికి ఏ కాగితమూ ఉండదు, అందుకే అది కనపడదు. రోజుకూలి ఇళ్ళల్లో చాలాసార్లు అదే అన్నిటికంటే పెద్దది.

ట్రస్టు అని బోర్డు ఉంటే చాలదు

గవర్నమెంటు అంటే ఏంటో అందరికీ తెలుసు, కాకపోతే అది ఒకటే కాదు. మండలంలో పీహెచ్‌సీ, దాని పైన సీహెచ్‌సీ, ఏరియా హాస్పిటల్, జిల్లా హాస్పిటల్, మెడికల్ కాలేజీకి తగిలించిన పెద్దాసుపత్రి, ఇలా మెట్లుంటాయి. హెర్నియా లాంటిది ఏరియా హాస్పిటల్లోనే చేయొచ్చు, సర్జన్‌తో పాటు మత్తు డాక్టరు కూడా పోస్టులో ఉంటే. మత్తు డాక్టరు లేకపోతే పెద్దాసుపత్రికి రాసేస్తారు, అక్కడితో దూరం డబుల్ అవుతుంది.

ట్రస్టు దగ్గరే అసలు గందరగోళం. పుట్టపర్తి సత్యసాయి సూపర్ స్పెషాలిటీలో బిల్లింగ్ కౌంటరే ఉండదు, 1991 నుంచీ వైద్యం ఉచితమే, కానీ వాళ్ళు చూసే విభాగాలు కొన్నే. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డబ్బున్నవాళ్ళు కట్టేదానితో లేనివాళ్ళకి ఉచితంగా చేస్తారు. అనంతపురం వైపు బత్తలపల్లిలో ఆర్డీటీ హాస్పిటల్ ఉంది, పల్లెటూరి పేదల కోసమే పెట్టింది. మనవాళ్ళు రైలెక్కి వెళ్ళే వెల్లూరు సీఎంసీ కూడా లాభం కోసం నడిపేది కాదు, అయినా బిల్లు ఉంటుంది. అంటే పూర్తి ఉచితం, తక్కువ రేటు, ఉన్నవాడి దగ్గర తీసుకుని లేనివాడికి చేయడం, ఇవన్నీ ట్రస్టు అనే ఒక్క మాట కిందకే వస్తాయి. వీటికి తోడు కాగితాల మీద ట్రస్టు పేరుతో రిజిస్టరై రేట్లు మాత్రం కార్పొరేట్ లెవెల్లో ఉండే హాస్పిటల్స్ కూడా ఉన్నాయి. కాబట్టి ఇక్కడ నేను ట్రస్టు అన్నప్పుడు మధ్య రకం, అంటే తక్కువ ప్యాకేజీ తీసుకునేది అనుకోండి, మా దగ్గర్లో ఉన్నది అదే.

రోజు ఖరీదు ఎంత?

పోయిన కూలి లెక్కేసేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు ఇది: కూలి 900 కదా, పది రోజులు పోయాయి, 9,000 నష్టం అనేస్తారు. బాబాయికి నెలకి ముప్పై రోజులూ పని ఉండదు. వాన, సిమెంటు రాకపోవడం, ఓనరు డబ్బులివ్వలేదని పని ఆపేయడం, అన్నీ పోను నెలకి ఇరవై రోజులు పడుతుంది. అంటే నెలకి 18,000, దాన్ని ముప్పైతో భాగిస్తే క్యాలెండర్లో ఒక రోజు ఖరీదు 600. పిన్ని పొలం పనికి పోతుంది, కూలి 400, నెలకి పదిహేను రోజులు, అంటే రోజు ఖరీదు 200. లెక్క మొత్తం ఈ రెండు అంకెల మీద నడుస్తుంది.

దీని మీద వాదన ఉంది. కొందరు, అసలు పని లేని రోజుల్లో హాస్పిటల్‌కి పోతే నష్టమే లేదు కదా అంటారు. నిజమే, కానీ అది రోజు మన చేతిలో ఉన్నప్పుడు. పెద్దాసుపత్రిలో సర్జరీ డాక్టర్లు యూనిట్లుగా ఉంటారు, ఒక్కో యూనిట్‌కి వారంలో ఫలానా రోజులే ఓపీ, ఫలానా రోజులే ఆపరేషన్లు. మొదటిసారి ఏ రోజు చూపించుకుంటే ఆ యూనిట్‌కే మనం రాసిపెట్టినట్టు. వాళ్ళ ఓపీ సోమవారం అయితే సోమవారమే పోవాలి, ఆ సోమవారం స్లాబు ఉన్నా సరే. అందుకే నేను సగటు పట్టాను.

పెద్దాసుపత్రి లెక్క

బాబాయి చివరికి వెళ్ళింది ఇక్కడికే, కాబట్టి ఈ అంకెలు నోటుబుక్కులోవి. ఊరి నుంచి మనిషికి రానూపోనూ 200, బస్సూ షేర్ ఆటో కలిపి. మొదటి రోజు చీటీ రాయించి, లైన్లో నిలబడి, డాక్టరు దగ్గరికి చేరేసరికి పదకొండున్నర. ఆయన చూసింది రెండు నిమిషాలు, దగ్గమన్నాడు, చెయ్యి పెట్టాడు, రక్తపరీక్షలు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్ రాశాడు. రక్తం అప్పటికే కలెక్షన్ టైమ్ అయిపోయింది, స్కానింగ్‌కి పది రోజుల తర్వాత డేట్ ఇచ్చారు. బయట 1,200 పెట్టి తీయించాం. రెండోసారి రిపోర్టులు పట్టుకుని పోతే మత్తు డాక్టరు దగ్గర బీపీ 160 దాటింది, మాత్రలు రాసి రెండు వారాలాగి రమ్మన్నారు. దీనికి గవర్నమెంటుని అనడానికి లేదు, బీపీ అంత ఉంటే చాలాచోట్ల ఆపుతారు, ప్రైవేటులో కూడా. మూడోసారి ఫిట్‌నెస్ ఇచ్చారు. నాలుగోసారి అడ్మిట్ అయ్యారు, ఆపరేషన్ లిస్టులో పేరు వచ్చేసరికి మూడు రోజులు వార్డులో, ఆ తర్వాత మూడు రోజులు, మొత్తం ఆరు. పదో రోజు కుట్లు తీయించడానికి ఇంకో ట్రిప్పు.

ఆపరేషన్ మాత్రం బాగా చేశారు, అది చెప్పాలి. నడుముకి మత్తిచ్చి, కోసి, లోపల మెష్ పెట్టి కుట్టారు. మెష్ అంటే బలహీనపడ్డ కండ మీద వేసే సన్నటి ప్లాస్టిక్ వల, దానివల్ల మళ్ళీ జారే అవకాశం తగ్గుతుంది. రోజూ ఇవే ఆపరేషన్లు చేసే చేతులవి.

డబ్బు చూద్దాం. స్కానింగ్ 1,200, స్టాకు లేని మందులు 800, కలిపి వైద్యం ఖర్చు 2,000. ప్రయాణం: ముందు మూడు ట్రిప్పులు ఇద్దరికీ 1,200, అడ్మిషన్‌కి వెళ్ళేటప్పుడు 200, వచ్చేటప్పుడు బస్సులో కుదుపులకి భయపడి కారు మాట్లాడుకుంటే 1,800, కుట్లకి 400, మొత్తం 3,600. తిండి: ట్రిప్పు రోజులు నాలుగింటికి 800, వార్డులో ఉన్న ఆరు రోజులూ పిన్ని తిండికి 900, స్ట్రెచర్ దగ్గరా గేటు దగ్గరా చేతిలో పెట్టినవి 500, మొత్తం 2,200. కూలి: ఆపరేషన్ ముందు బాబాయికి మూడు ట్రిప్పు రోజులు, మూడు వార్డు రోజులు, ఆరు రోజులకి 3,600. పిన్నికి ముందు మూడు, వార్డులో ఆరు, కుట్ల రోజు ఒకటి, పది రోజులకి 2,000. మొత్తం కలిపితే 13,400. ఫ్రీ ఆపరేషన్‌కి.

ట్రస్టు, ప్రైవేటు లెక్కలు

ఈ రెండు చోట్లా మేము రేటు కనుక్కుని వచ్చాం అంతే, కాబట్టి అక్కడ చేయించుకున్న ఊరివాళ్ళు చెప్పిన రోజులు పట్టి లెక్కేశాను.

ట్రస్టు హాస్పిటల్ మాకు దగ్గర, రానూపోనూ మనిషికి 100. ప్యాకేజీ మెష్‌తో కలిపి 12,000, ఓపీ, టెస్టులు 1,500, తర్వాత మందులు 1,000, వైద్యం ఖర్చు 14,500. టెస్టులన్నీ ఒకే రోజు ఒకే బిల్డింగ్‌లో అయిపోతాయి, కాబట్టి ముందు రెండు ట్రిప్పులు చాలు (రెండోది ఫిట్‌నెస్‌కి), ఆపరేషన్‌కి ముందు రోజు అడ్మిషన్, నాలుగు రోజులు ఉండడం, కుట్లకి ఒకసారి. ప్రయాణం 1,500, తిండి 1,600, కూలి బాబాయికి మూడు రోజులు, పిన్నికి ఏడు, కలిపి 3,200. మొత్తం 20,800.

ప్రైవేటు అంటే సిటీ కార్పొరేట్ కాదు, జిల్లా కేంద్రంలో ఇరవై ముప్పై బెడ్ల నర్సింగ్ హోమ్. ప్యాకేజీ 45,000, టెస్టులు 4,000, మందులు 3,000, వైద్యం ఖర్చు 52,000. ఒకరోజు వెళ్తే మధ్యాహ్నానికి టెస్టులు, సాయంత్రానికి మత్తు డాక్టరు ఫోన్లోనే ఓకే, మర్నాడు పొద్దున అడ్మిషన్, అదే రోజు ఆపరేషన్, మూడో రోజు ఇంటికి. ప్రయాణం 2,800, తిండి 1,300, కూలి బాబాయికి ఒక్క రోజు, పిన్నికి ఐదు, కలిపి 1,600. మొత్తం 57,700.

ఎక్కడ చేయించుకున్నా తప్పని ఆరు వారాలు

ఇప్పటిదాకా వేసినదాంట్లో అతి పెద్ద అంకె ఇంకా రాలేదు. హెర్నియాకి కోసి మెష్ వేశాక వారం పది రోజుల్లో మనిషి మామూలుగా తిరుగుతాడు, టేబుల్ ముందు కూర్చునే పని అయితే రెండు వారాల్లో వెళ్ళొచ్చు. కానీ బరువులెత్తే పనికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమంటారు. సిమెంటు బస్తా, ఇటుకల తట్ట, పరంజా ఎక్కడం, ఇవి లేకుండా మేస్త్రి పని లేదు. ఆరు వారాలంటే 42 రోజులు, రోజుకి 600 చొప్పున 25,200.

| | గవర్నమెంటు | ట్రస్టు | ప్రైవేటు |
|---|---|---|---|
| వైద్యం ఖర్చు | 2,000 | 14,500 | 52,000 |
| ప్రయాణం, తిండి | 5,800 | 3,100 | 4,100 |
| తిరుగుడులో పోయిన కూలి | 5,600 | 3,200 | 1,600 |
| ఆరు వారాల రెస్టు | 25,200 | 25,200 | 25,200 |
| మొత్తం | 38,600 | 46,000 | 82,900 |

బిల్లు మాత్రమే చూస్తే ప్రైవేటు గవర్నమెంటుకి 26 రెట్లు. మొత్తం చూస్తే రెండు రెట్ల పైన కొంచెం. గవర్నమెంటుకీ ట్రస్టుకీ బిల్లులో ఏడు రెట్లు తేడా, మొత్తంలో తేడా 7,400 మాత్రమే. పక్కింటాయన తిరుగుడు ఖర్చుతో ప్రైవేటులో చేయించుకోవచ్చన్నది తప్పు, మామయ్య రూపాయి ఖర్చుండదన్నది ఇంకా పెద్ద తప్పు.

ఇక్కడ ఇంకో వాదన. రెస్టు మూడు చోట్లా ఒకటే కదా, ఎక్కడికి పోవాలో తేల్చుకోవడానికి దాన్ని లెక్కలో వేయడం ఎందుకు అని. పోలికకి అక్కర్లేదు, నిజం. కానీ ఇంటికి ఎంత డబ్బు కావాలి అన్న ప్రశ్నకి అదే ముఖ్యం. ఆపరేషన్ ఫ్రీ అని ధైర్యంగా వెళ్ళినవాళ్ళు ఇంటికొచ్చాక మూడో వారంలో అప్పుకి పోయేది ఈ 25,200 గురించి ముందు అనుకోకపోవడం వల్లే. లేదా నాలుగో వారంలోనే పనికెళ్ళి బస్తా ఎత్తుతారు, అది ఇంకో ప్రమాదం.

ల్యాపరోస్కోపీ చేయించుకుంటే తొందరగా కోలుకుంటారు అని ప్రైవేటులో చెప్తారు. కొంతవరకు నిజం, గాట్లు చిన్నవి, నొప్పి తక్కువ, కానీ దానికి పూర్తి మత్తు ఇవ్వాలి, రేటు ఎక్కువ. మాకు చెప్పింది 75,000, అంటే 30,000 అదనం. రెండు వారాలు ముందే పనికి పోగలిగాడనే అనుకుందాం, మిగిలేది 8,400. రోజు ఖరీదు 600 ఉన్న మనిషికి ఈ బేరం గిట్టదు. రోజుకి 2,200 దాటి సంపాదించుకునేవాడికి, సొంత షాపు ఉండి తను లేకపోతే షట్టర్ దించేయాల్సినవాడికి గిట్టొచ్చు.

ఎదురుచూపుకి కూడా ధర ఉంది

టేబుల్లో లేనిది ఒకటుంది, డేట్ కోసం ఆగిన రోజులు. బుడిపె బాధ పెడుతుంటే బాబాయి బరువుల పని మానేసి ప్లాస్టరింగ్ మాత్రం చేశాడు, 900 బదులు 600 ఇచ్చారు. పని ఉన్న రోజుకి 300 నష్టం, సగటున క్యాలెండర్ రోజుకి 200. గవర్నమెంటుకీ ట్రస్టుకీ తేడా 7,400 కదా, దాన్ని 200తో భాగిస్తే 37. అంటే పెద్దాసుపత్రిలో డేట్ ట్రస్టు కంటే 37 రోజులు ఆలస్యమైతే రెండూ సమానం, ఇంకా ఆలస్యమైతే ట్రస్టే చవక. ప్రైవేటుతో ఇదే లెక్క వేస్తే 44,300ని 200తో భాగించాలి, 221 రోజులు. ఏడు నెలల పైన ఆగాల్సొస్తే తప్ప ప్రైవేటు గిట్టదు.

అదీ డబ్బు చేతిలో ఉంటే. అప్పు తెస్తే వేరే సంగతి. మా వైపు నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకి వందకి రెండు. 50,000 తెచ్చి పది నెలలకి ఒకేసారి తీరిస్తే వడ్డీయే 10,000. ప్రైవేటు మొత్తం 92,900 అవుతుంది.

ఆగడంలో డబ్బుకి దొరకని రిస్కు ఒకటుంది. రోజూ లోపలికి పోయే బుడిపె ఒకరోజు పోకుండా గట్టిపడి, నొప్పి పెరిగి, వాంతులు మొదలైతే పేగు ఇరుక్కున్నట్టు. రక్తం అందక పేగు కుళ్ళేదాకా వస్తే పేగు ముక్క కోసేయాల్సి రావచ్చు. అప్పుడు ఈ టేబుల్ దేనికీ పనికిరాదు, దగ్గర్లో సర్జన్ ఎక్కడున్నాడో అక్కడికి పరిగెత్తడమే.

కార్డు ఉంటే లెక్క తిరగబడుతుంది

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఇప్పుడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, 2023 డిసెంబర్‌లో పరిమితి ఐదు లక్షల నుంచి పది లక్షలు చేశారు. ఆంధ్రాలో 2024లో పేరు మార్చి ఎన్టీఆర్ వైద్య సేవ అన్నారు. పథకం వర్తించి, ప్రైవేటు నెట్‌వర్క్ హాస్పిటల్లో చేస్తే 52,000 బిల్లు పోతుంది. మిగిలేది ప్రయాణం, తిండి, కూలి కలిపి 5,700, అప్రూవల్‌కి ముందు టెస్టులకి చేతి డబ్బు 4,000 పెట్టుకున్నా 9,700. పెద్దాసుపత్రి 13,400 కంటే తక్కువ! కార్డున్నవాళ్ళు ప్రైవేటుకే ఎందుకు పోతారో ఇందులో తెలిసిపోతుంది, వాళ్ళకి గవర్నమెంటు మీద కోపం ఉండక్కర్లేదు.

కానీ పథకంలో ఉన్న ప్రతి ఆపరేషనూ ప్రతి నెట్‌వర్క్ హాస్పిటల్లో చేయరు. కొన్ని గవర్నమెంటు హాస్పిటల్స్‌కే రిజర్వ్ చేసి పెట్టారు, ఒక్కో హాస్పిటల్‌కి కొన్ని విభాగాలకే పర్మిషన్ ఉంటుంది. అందుకే హాస్పిటల్ నెట్‌వర్క్‌లో ఉందా అని అడిగితే వచ్చే జవాబు సగమే, ఈ ఆపరేషన్‌కి ఈ హాస్పిటల్లో ఉందా అన్నది పథకం డెస్క్‌లో ఉండే ఆరోగ్యమిత్ర సిస్టంలో చూసి చెప్పాలి. మాకు నర్సింగ్ హోమ్‌లో లేదన్నారు, ఆ మాటతోనే పెద్దాసుపత్రికి వెళ్ళాం.

కూలి నష్టాన్ని గుర్తించిన పథకం కూడా ఒకటి వచ్చింది. 2019 డిసెంబర్‌లో ఆంధ్రాలో ఆరోగ్య ఆసరా పెట్టారు, ఆపరేషన్ తర్వాత కోలుకునే రోజులకి రోజుకి 225 రూపాయలు, నెలకి 5,000 మించకుండా. ఏ ఆపరేషన్‌కి ఎన్ని రోజులన్నది వాళ్ళే నిర్ణయించారు. బాబాయి రోజు ఖరీదు 600లో అది మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. కంపెనీలో ఈఎస్‌ఐ కట్టే ఉద్యోగికైతే జబ్బు సెలవుకి సగటు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. అంటే ఒకే ఆపరేషన్, ఒకే రెస్టు, కానీ ఫ్యాక్టరీలో అంతే సంపాదించేవాడి ఆరు వారాల నష్టం మేస్త్రి నష్టంలో దాదాపు మూడో వంతే. నెల జీతం ఆగని సాఫ్ట్‌వేర్ కుర్రాడికి టేబుల్లో రెస్టు వరుస మొత్తం సున్నా, ఇన్సూరెన్స్ ఉంటే వైద్యం ఖర్చు వరుస కూడా దాదాపు సున్నా. వాళ్ళు ప్రైవేటే బెటర్ అంటే వాళ్ళ లెక్కలో అది కరెక్టే, ఆ మాట పట్టుకుని మేస్త్రి వెళ్తేనే తేడా కొడుతుంది.

లెక్కలోకి రానివి

ట్రిప్పుల సంఖ్యే గవర్నమెంటు ఖర్చుని నడిపిస్తుంది, ఇది నాకు వేశాకే అర్థమైంది. ముందు మూడు ట్రిప్పుల్లో ఒకటి తగ్గితే ఛార్జీలు 400, తిండి 200, ఇద్దరి కూలి 800, కలిపి 1,400 మిగిలేవి. బీపీ ముందే పీహెచ్‌సీలో చూపించుకుని మాత్రలు మొదలెట్టి ఉంటే ఆ ట్రిప్పు లేదు. అలాగే ముప్పై కిలోమీటర్లలో ఉన్న ఏరియా హాస్పిటల్లో మత్తు డాక్టరు ఉండి ఉంటే ప్రయాణం సగానికి సగం తగ్గేది. గవర్నమెంటు ఖరీదు అన్నప్పుడు ఏ మెట్టు మీద ఉన్న గవర్నమెంటు అన్నది కూడా చూడాలి.

డాక్టరు కూర్చోబెట్టి పది నిమిషాలు మాట్లాడ్డం, శుభ్రమైన బాత్రూమ్, ఇవి ప్రైవేటు ఖరీదులో ఉన్నాయి, వాటికి అంకె నేను వేయలేను. వార్డులో పిన్ని ఆరు రాత్రులు మంచం కింద చాప మీద పడుకుంది, దానికీ అంకె లేదు.

ఈ లెక్క పిన్నికి చదివి వినిపించాను. మొత్తం విని, "నా రోజు రెండొందలేనా? గేదె సంగతి రాయలేదేం?" అంది. వార్డులో ఉన్న ఆరు రోజులూ పాలకేంద్రానికి పాలు పోయలేదు, పక్కింటామె పితికి వాళ్ళే వాడుకున్నారు. రోజుకి మూడు లీటర్లు, లీటరు 50, ఆరు రోజులకి 900. పెద్దాసుపత్రి లెక్క 13,400 కాదు, 14,300.